రెండో ప్రశ్న దగ్గరే చిక్కు

ప్రశ్న: మాది నిర్మల్. ఆరు నెలల క్రితం నర్సంపేటలో ఉపాధ్యాయురాలిగా చేరాను. హనుమకొండలో గది తీసుకుని రోజూ బస్సులో వెళ్లివస్తున్నాను. ఇక్కడ నాకు తెలిసినవాళ్లు లేరు. హనుమకొండలోనే బస్సెక్కే ఒక పెద్దావిడ దాదాపు రోజూ నా పక్కనే కూర్చుంటారు. ‘నమస్తే, బాగున్నారా?’ అంటే ‘బాగున్నానమ్మా’ అంటారు. ఒకరోజు ధైర్యం చేసి ‘మీది ఏ ఊరు?’ అని అడిగాను. ‘నర్సంపేట దగ్గర పల్లె’ అన్నారు. ‘పిల్లలు ఎంతమంది?’ అన్నాను. ‘ఇద్దరు’ అన్నారు. ఆ తర్వాత ఏం అడగాలో తోచలేదు. దిగేదాకా ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. నలుగురితో మాట కలపడం నాకు చేతకాదేమో అనిపిస్తోంది.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆవిడ ఊరి గురించి చెప్పిన ఆ మూడు మాటలు మీ చేతికి అందిన మంచి కొస. దాన్ని మీరే వదిలేశారు.

ఆవిడ ఊరు నర్సంపేట వైపు. ఎక్కేది మాత్రం హనుమకొండలో. అంటే రోజూ పొద్దున సొంతూరి దిక్కుకు బయలుదేరి, సాయంత్రం దాన్ని వెనక వదిలి వస్తున్నారన్నమాట. ఊరి పక్కనే పని పెట్టుకుని ఇంత దూరంలో ఎందుకు కాపురం ఉంటున్నారు? ఎవరికైనా తెలుసుకోవాలనిపించే సంగతే ఇది. మీకూ ఆ క్షణంలో అనిపించే ఉంటుంది. కానీ తర్వాతి ప్రశ్న ఏమిటా అనే కంగారులో దాన్ని పట్టించుకోకుండా పిల్లల మీదికి దూకారు. జనాభా లెక్కలు రాసుకునేవాళ్లు అడిగే తీరు అది. ఒక గడి నిండగానే పక్క గడికి వెళ్లిపోతారు. ఆవిడ కూడా గడికి సరిపడా జవాబే ఇచ్చారు.

మాట కలపడం చేతకానివారు మొదటి పలకరింపు దగ్గరే ఆగిపోతారు. మీరు దాన్ని దాటారు, రెండు ప్రశ్నలూ అడిగారు. చిక్కల్లా ఆ రెండో ప్రశ్నకు మొదటి జవాబుతో సంబంధం లేకపోవడమే.

హార్వర్డ్‌లో కొందరు పరిశోధకులు ఇదే సంగతి మీద పనిచేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. ముక్కూమొహం తెలియనివారిని జంటలు చేసి పదిహేను నిమిషాలు కంప్యూటర్లో కబుర్లు చెప్పుకోమన్నారు. కొందరికి కనీసం తొమ్మిది ప్రశ్నలు అడగాలని, కొందరికి నాలుగు మించకూడదని చెప్పారు. ఎక్కువ అడిగినవారే అవతలివారికి ఎక్కువ నచ్చారు. అంతకన్నా ఆసక్తికరమైనది ప్రశ్నల్లో వాళ్లు చేసిన తేడా. ‘బాగున్నారా?’ లాంటి పలకరింపు ప్రశ్న ఒకటి. ‘నేను బాగున్నాను, మరి మీరు?’ అనే తిరుగు ప్రశ్న ఒకటి. ఉన్న సంగతి వదిలి కొత్త సంగతి ఎత్తుకునేది ఒకటి. అవతలివారు ఇప్పుడే చెప్పినదాన్ని పట్టుకుని ఇంకొంచెం లోపలికి వెళ్లేది ఒకటి. ఇష్టాన్ని పెంచడంలో ప్రత్యేకంగా పనిచేసింది ఈ చివరిదే. మీరు మొదటిది అడిగారు, తర్వాత మూడో రకానికి వెళ్లిపోయారు. నాలుగోది మిగిలిపోయింది.

ఇది నాకూ పుట్టుకతో వచ్చిన విద్య కాదు. వరంగల్లో విలేకరిగా చేరిన కొత్తలో కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక పెద్దాయన గురించి రాసుకురమ్మని పంపారు. పుస్తకంలో పన్నెండు ప్రశ్నలు వరసగా రాసుకుని వెళ్లాను. ‘ఎన్నేళ్ల నుంచి నేస్తున్నారు?’ అన్నాను. ‘నలభై’ అన్నాడాయన. ‘గిట్టుబాటు అవుతోందా?’ ‘లేదు.’ ‘పిల్లలు నేర్చుకున్నారా?’ ‘లేదు.’ పది నిమిషాల్లో నా పన్నెండు ప్రశ్నలూ అయిపోయాయి. ఆఫీసుకు తెచ్చిన కాగితం మీద ఆయన మాటలు లెక్కపెడితే ఇరవై కూడా లేవు. మా డెస్కులో పెద్దాయన కాగితం చూసి, ‘ఇది వార్త కాదు నాయనా, రేషన్ కార్డు దరఖాస్తు’ అన్నారు.

మర్నాడు సిగ్గుపడుతూ మళ్లీ వెళ్లాను. ఈసారి పుస్తకం తీయలేదు. కాసేపు మగ్గం పక్కన కూర్చున్నాను. ఆయన ఎరుపు నూలు పక్కన నీలం పెట్టి, తల అడ్డంగా ఊపి, నీలం తీసేసి ఆకుపచ్చ పెట్టాడు. ‘నీలం ఎందుకో నచ్చలేదు మీకు. ఏం తేడా కనిపించింది?’ అన్నాను. చేతులు ఆపి నా వైపు తిరిగాడు. ఆ రెండు రంగులు పక్కపక్కన ఉంటే దూరం నుంచి మురికి పట్టినట్టు కనిపిస్తుందని మొదలుపెట్టి, తనకు రంగులు చూడటం నేర్పిన మేనమామ దగ్గరికి, అక్కడి నుంచి మేనమామ కూతురితో తన పెళ్లి దాకా వచ్చాడు. ముందురోజు ‘లేదు’ అని ఒక్క మాటలో తేల్చేసిన గిట్టుబాటు సంగతి కూడా నేను అడగకుండానే వచ్చింది. మనిషి అతనే, మగ్గం అదే. మొదటి రోజు నేను నా పుస్తకాన్ని చూశాను, రెండో రోజు అతని చేతుల్ని చూశాను.

ఇక ప్రశ్న తీరు. మన భాషలో ఈ తేడా చాలా తేలిగ్గా పట్టుకోవచ్చు. వాక్యం చివర దీర్ఘం తీస్తే తలుపు సగం మూసుకున్నట్టే. ‘ఉద్యోగం బాగుందా?’, ‘రోజూ ఇదే బస్సులో వెళ్తారా?’, ‘అలసటగా ఉంటుందా?’ వీటన్నిటికీ తల ఊపితే సరిపోతుంది. ‘ఎంత’, ‘ఎన్ని’, ‘ఏ ఊరు’, ‘ఎప్పుడు’ అంటే ఒక అంకె, ఒక పేరు వస్తాయి. అవతలివారు వాక్యం కట్టక తప్పని ప్రశ్నలు ‘ఎలా’, ‘ఏమేం’, ‘ఏం చేస్తారు’, ‘ఎలా కుదిరింది’ అనేవాటితో వస్తాయి. దీర్ఘాల ప్రశ్నలు చెడ్డవని కాదు. అసలు పలకరింపు మొదలయ్యేదే వాటితో. వాటి మీద వాటినే పేర్చుకుంటూ పోతేనే ఇబ్బంది.

‘ఎందుకు’ సంగతి వేరు. అది కూడా పెద్ద జవాబు రాబట్టే మాటే, కానీ మన చెవికి అందులో నిలదీత వినిపిస్తుంది. ‘హనుమకొండలో ఎందుకు ఉంటున్నారు?’ అంటే ఉండకూడదా అన్నట్టు ఉంటుంది. ‘హనుమకొండలో ఉండటం ఎలా కుదిరింది?’ అంటే అదే సంగతి, నిలదీత లేకుండా. తరగతిలో పిల్లవాణ్ని ‘ఎందుకు ఆలస్యమైంది?’ అని అడిగినప్పుడు వాడి ముఖం చూసే ఉంటారు కదా, ఆ ముఖం గుర్తుపెట్టుకోండి.

‘ఇంకేమిటి విశేషాలు?’ అనేది కూడా తలుపు బార్లా తెరిచే ప్రశ్నే అని మీరు అనవచ్చు. నిజమే, మరీ బార్లా తెరుస్తుంది. ఎటు వెళ్లాలో తెలియక అందరూ ‘ఏమున్నాయి, అంతా మామూలే’ అని తిరిగి మూసేస్తారు. అందుకే పట్టుకోవడానికి అవతలివారి మాటే ఒకటి అందులో ఉండాలి. దానికి మనకు చక్కటి సాధనం ఉంది: ‘అన్నారు కదా’. ఆవిడ మాటను ఆవిడకే గుర్తుచేసి, దానికి ‘ఎలా’నో ‘ఏమేం’నో తగిలించడమే. ఒక ప్రయాణంలో ఒకటి రెండుసార్లు చాలు. ప్రతిదానికీ ‘అన్నారు కదా, అన్నారు కదా’ అంటే కోర్టులో వకీలు అడిగినట్టు ఉంటుంది.

మీ విషయంలో ఇది ఎలా నడవవచ్చో ఊహించి రాస్తాను. ఆవిడ సరిగ్గా ఇలాగే అంటారని కాదు, మీరు ఏం పట్టుకోవాలో చూపడానికి. ముందు పిలుపు తేల్చుకోండి. ఆవిడ మిమ్మల్ని ‘అమ్మా’ అంటున్నారు, మీరు ఇంకా పిలుపేదీ పెట్టలేదు. ఈ వైపు ‘అక్కా’ అంటే వయసులో పెద్దవారు కూడా సంతోషిస్తారు. ‘మేడం’ అంటే ఆఫీసు అయిపోతుంది, ‘ఆంటీ’ అంటే కొందరికి నచ్చదు.

‘అక్కా, మొన్న మీ ఊరు నర్సంపేట దగ్గరే అన్నారు కదా. రోజూ మళ్లీ అటే వెళ్తున్నారు. మరి హనుమకొండలో ఉండటం ఎలా కుదిరింది?’

‘పిల్లల చదువుల కోసం వచ్చామమ్మా. ఊళ్లో మా అత్తయ్య ఒక్కరే ఉంటారు. రెండెకరాల్లో మిర్చి ఉంటుంది, కౌలుకిచ్చాం.’

ఇక్కడ ఆగి చూడండి. ఒక్క జవాబులో నాలుగు కొసలు వచ్చాయి: పిల్లల చదువులు, అత్తయ్య, మిర్చి, కౌలు. కౌలు ముట్టుకోవద్దు, అది డబ్బు లెక్క. ‘ఎకరాకు ఎంత?’ అని నోరు జారితే ఆవిడ వెంటనే కొంగు సర్దుకుంటారు. చదువులు మంచి కొసే గానీ, మన దగ్గర ఆ మాట నేరుగా ర్యాంకుల దగ్గరికి పోతుంది. పైగా మీరు ఉపాధ్యాయురాలు, ఆవిడకు పరీక్షలా అనిపించవచ్చు. అత్తయ్య ఒక్కరే ఉంటారన్న మాట వెనక ఏదో బరువు ఉండవచ్చు. అది నాలుగు రోజుల పరిచయం తర్వాతి ప్రశ్న. మిర్చి మిగిలింది. ఎవరికీ నొప్పి లేదు, పైగా ఆవిడకు తెలిసినది, మీకు తెలియనిది. మాట సాగడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. తెలియకపోవడాన్ని దాచుకోకండి.

‘మా వైపు ఎటు చూసినా పత్తే. మిర్చి సంగతి నాకు బొత్తిగా తెలియదు. కోసిన దగ్గర్నుంచి మార్కెట్‌కు వెళ్లేదాకా ఏమేం పని ఉంటుంది?’

‘అబ్బో, బోలెడు ఉంటుంది. కాయ అంతా ఒక్కసారే పండదు కదా, విడతలు విడతలుగా కోయాలి. కల్లంలో ఆరబోసి తిరగేస్తూ ఉండాలి. మబ్బు పడితే పరుగే. రంగు పోయిన తాలుకాయ ఏరి వేరే బస్తా కట్టాలి, అప్పుడు ఎనుమాముల మార్కెట్‌కు పోవాలి. కౌలుకిచ్చామన్న మాటే గానీ, మా అత్తయ్య ఇప్పటికీ వాళ్లు ఏరింది మళ్లీ తను కూర్చుని ఏరుతారు.’

ఇక్కడ మీరు అడగదగ్గవి చాలా ఉన్నాయి. ఎనుమాముల గురించి అడగవచ్చు. ఈ ప్రాంతపు చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, టమాటాలా గుండ్రంగా ఉండే ఆ కాయ మీ పొలంలో వేశారా అని అడగవచ్చు. ఆ ప్రశ్నతో మీకు కాస్త తెలుసని తెలుస్తుంది, అంతే. జవాబు ‘వేశాం’ అనో ‘లేదు’ అనో వస్తుంది. నేనైతే ‘ఇప్పటికీ’ అన్న మాట దగ్గర ఆగుతాను. మనవాళ్లు మాట్లాడేటప్పుడు ‘ఇప్పటికీ’, ‘అప్పట్లో’, ‘మొదట్లో అయితే’, ‘ఏం చెప్పమంటారు’, ‘అసలైతే’ అన్నారంటే దాని వెనక ఒక కథ ఉంటుంది. గొంతు కూడా కొంచెం మారుతుంది. వాళ్లు చెప్పాలనుకుంటున్నది అక్కడే ఉంటుంది.

‘వాళ్లు ఏరినదాంట్లో మీ అత్తయ్యకు ఏం తప్పు కనిపిస్తుంది?’

ఆవిడ నవ్వుతారని నా నమ్మకం. అత్తగారి చాదస్తం గురించి ఒక కోడలిని ఇంత మర్యాదగా అడిగినవారు ఇంతకుముందు ఉండి ఉండరు. నర్సంపేట చేరేదాకా మీకు ఇంకో ప్రశ్న అవసరం పడకపోవచ్చు.

ఈ మొత్తంలో మీరు అడిగినవి మూడే ప్రశ్నలు. మూడూ ఆవిడ మాటల్లోంచే వచ్చాయి. మధ్యలో పత్తి గురించి మీ మాట ఒకటి ఉంది. అది కూడా కావాలి. మీ వైపు నుంచి ఏమీ ఇవ్వకుండా వరసగా అడుగుతూ పోతే, ఎంత మంచి ప్రశ్నలైనా ఆరా తీస్తున్నట్టే ఉంటుంది. రెండు అడిగినప్పుడు ఒక ముక్క మీది చెప్పండి. అయితే ఆ ముక్క చిన్నదిగా ఉండాలి, చివరకు మళ్లీ ఆవిడ వైపు తిరగాలి. ఇక్కడే చాలామంది జారిపడతారు. ఎవరైనా ‘మొన్న మేడారం వెళ్లొచ్చాం’ అనగానే ‘మేమూ వెళ్లాం! ఎంత రద్దీ అనుకున్నారు, మా తమ్ముడు తప్పిపోయాడు...’ అని అందుకుంటారు. కలుపుగోలుతనం అనుకుని చేసే పని ఇది. చెప్పబోయినవారి నోట్లో మాట మాత్రం అక్కడే ఉండిపోతుంది. ‘మేమూ వెళ్లాం, రద్దీకి భయపడి గద్దెల దాకా త్వరగా వెళ్లలేకపోయాం. మీకు దర్శనం ఎలా జరిగింది?’ అంటే మీ ముక్కా అయింది, సంగతీ ఆవిడ చేతిలోనే ఉంది.

అడిగాక ఆగడం గురించి ఒక మాట. ఇది మీ వృత్తికి దగ్గరి సంగతి కూడా. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్లో ఒక విషయం గమనించారు. ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను ఆగి, జవాబు రాకపోతే ఇంకో ప్రశ్న వేయడమో తామే చెప్పేయడమో చేస్తున్నారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు చేయమన్నప్పుడు పిల్లల జవాబులు బాగా పొడవయ్యాయి. బస్సులోనూ అంతే. ‘ఎలా కుదిరింది?’ అని అడగగానే ఆవిడ కిటికీ వైపు చూడవచ్చు. అది విముఖత కాదు, తలచుకుంటున్నారు. మీరు కంగారుపడి ‘అంటే, పిల్లల కోసం వచ్చారా?’ అని దీర్ఘం తీశారో, ‘అవును’ అని ముగించేస్తారు. మీ మంచి ప్రశ్నను మీరే చెడగొట్టుకున్నట్టు. మనసులో మెల్లగా మూడు లెక్కపెట్టండి. ఆవిడ చెప్పడం ఆపాక కూడా వెంటనే అందుకోకండి. చాలాసార్లు అసలు సంగతి ఆ చిన్న ఆగుడు తర్వాతే వస్తుంది. ‘ఇప్పటికీ మళ్లీ ఏరుతారు’ అన్నది అలా చివర జారిన మాటే.

మధ్యలో కండక్టర్ వస్తారు. జీరో టికెట్ కోసం ఇద్దరూ సంచుల్లో ఆధార్ వెతుక్కుంటారు, వెనక ఎవరో సీటు కోసం తగువు పడతారు. ఈ సందడి తగ్గాక మాట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. ఆవిడ ఆపిన చివరి మాటను అందించండి: ‘కల్లంలో ఆరబోసి... అంటున్నారు’. ప్రశ్న కూడా అక్కర్లేదు.

ఎప్పుడు వదిలేయాలో కూడా చెబుతాను. తలుపు తెరిచే ప్రశ్నలు రెండు వేసినా ఒకటి రెండు మాటల జవాబే వస్తే, ఆవిడ శరీరం కిటికీ వైపే తిరిగి ఉంటే, మీ గురించి తిరిగి ఒక్కటీ అడగకపోతే ఆ రోజుకు చాలించండి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగుండకపోవచ్చు, రాత్రి నిద్ర లేకపోవచ్చు. ఒక్కరోజు జవాబును బట్టి మనిషిని లెక్కగట్టకండి. జీతం, మీ ఇంటిపేరు ఏమిటంటూ కులం వైపు నడిచే ఆరా, ఇంకా పెళ్లికాని కొడుకు సంగతి, ఇవి మన ఊళ్లలో మామూలుగా అడిగేస్తారు గానీ, పొద్దున్నే బస్సులో మీరు అడగకండి. ఆవిడే మిమ్మల్ని ‘ఇంకా పెళ్లి చేయలేదా మీవాళ్లు?’ అని అడగవచ్చు. దానికి నా దగ్గర మందు లేదు. నవ్వి, ‘మీ పెళ్లి ఎలా జరిగిందక్కా?’ అని తిప్పికొట్టడం ఒక్కటే నాకు తెలిసిన దారి.

రోజూ ఒకే బస్సులో ఒకే మనిషి దొరకడం వల్ల మీకు ఒక సుఖం ఉంది. అన్నీ ఒక్కరోజే అడగనక్కర్లేదు. దిగే ముందు ఏ మాట దగ్గర ఆగారో గుర్తుపెట్టుకోండి. మర్నాడు ‘బాగున్నారా?’ బదులు దానితోనే మొదలుపెట్టవచ్చు. ‘నిన్న మీ ఊరి వైపు మబ్బు పట్టింది, కల్లంలో కాయ ఏం చేశారో?’ అంటే అదే పలకరింపు, అదే ప్రశ్న. నేనైతే సాయంత్రం బస్సులో ఈ ప్రయత్నం పెట్టుకోను. ఎనిమిది గంటలు నిలబడి పాఠం చెప్పిన మీకూ ఓపిక ఉండదు, పని చేసి వచ్చే ఆవిడకూ ఉండదు. ఆవిడ కళ్లు మూసుకుంటే కాస్త జరిగి, తల ఆనించుకోవడానికి చోటివ్వండి. అత్తయ్య తాలుకాయల సంగతి రేపు పొద్దున అడగవచ్చు.